అందరి నాయన, అమ్మ చెవి

“ఏమ్మే, నీ నోటికి గడియ లేదా?” అని అడిగింది అత్త నాగలక్ష్మమ్మ, చౌడేశ్వరి ధర్మవరానికి కాపురానికొచ్చిన కొత్తలో. అడగడానికి కారణం లేకపోలేదు. చౌడేశ్వరి నోట్లో మాట నిలవదు. పక్కింటి కోడలు అలిగిందన్నా, మగ్గం షాపాయన కూలి తగ్గించినాడన్నా మధ్యాహ్నానికల్లా వీధంతా తెలిసేది.

కానీ ఒక్క మాట మాత్రం ఆమె పెళ్లికి ముందునుంచీ దాచుకుంది. అమ్మ తిప్పమ్మకు ఎడమచెవి వినపడదు. విషజ్వరంలో పోయిందని చుట్టాలందరికీ తెలుసు. అది జ్వరం కాదు. మజ్జిగన్నంలో ఉప్పెక్కువైందని నాయన సుంకప్ప కొట్టిన చెంపదెబ్బ. పెద్దకూతురికొక్కదానికే చెప్పి, “చెల్లెండ్లకు, తమ్మునికి చెప్పొద్దు పాపా. వాళ్ల నాయన వాళ్లకుండనీ” అని తిప్పమ్మ చేతిలో చెయ్యి వేయించుకుంది.

సుంకప్ప పోయి ఏడాది కావస్తోంది. చచ్చిన మనిషి ఏడాది తిరిగేసరికి దేవుడవడం మన దేశంలో మామూలే. ఇప్పుడు ఆ పని వాట్సాప్ ఇంకా తొందరగా చేసిపెడుతోంది. కొడుకు ఓబుళేసు తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాడు. ‘సుంకప్ప కుటుంబం’ అని గ్రూపు పెట్టింది అతనే, అడ్మిన్ అతనొక్కడే. సంవత్సరీకం నెలలో ఏ గ్రూపుకైనా నాయన ఫోటోనే డీపీగా ఉండాలని హుకుం వేసినాడు. చెల్లెలు జ్యోతి మరీ భయభక్తులు గలది, ముగ్గురు ఆడపిల్లలకు మాత్రమే ఉన్న ‘అక్కచెల్లెండ్లు’ గ్రూపుకు కూడా ఆ ఫోటోనే పెట్టింది. ఫోన్ తెరిస్తే రెండు చోట్లా అదే మీసం, అదే తలగుడ్డ.

ఆ రోజు పొద్దున ఓబుళేసు, నాయన సమాధి మీద నాటే నల్లరాయి ఫోటో కుటుంబం గ్రూపులో పెట్టినాడు. ‘కరుణామూర్తి’ అని చెక్కించినాడు. కింద వరసగా దండాలు, తామరపూలు. అక్కచెల్లెండ్ల గ్రూపులో జ్యోతి అడిగింది: “అక్కా, రాయి చూసినావా? మన వంతు ఇయ్యాలంట.”

చౌడేశ్వరి మగ్గం కింద గుంతలో కూర్చొని అచ్చు అతుకుతోంది. పాత పడుగు పోగుకు కొత్త పోగు కలిపి, వేళ్లకు బూడిద రాసుకొని పురిపెట్టే పని. చదవడానికీ రాయడానికీ చేతులు ఖాళీ ఉండవు గనక మాట్లాడి పంపడమే అలవాటు. గ్రూపుల వరసలో అన్నిటికన్నా పైనున్న నాయన మొహం మీద వేలు పెట్టింది. సరిగ్గా ఆ క్షణంలోనే చిన్నాయన గంగాధరప్ప కుటుంబం గ్రూపులో ఒక దండం పెట్టినాడు. ఆ గ్రూపు పైకెగిరింది, చెల్లెండ్ల గ్రూపు కిందికి జరిగింది. పేరు చూసుకోలేదామె. మైకు నొక్కిపట్టి కడుపులోదంతా కక్కేసింది.

“కరుణామూర్తంట! అమ్మ చెవి జొరంలో పోయిందనుకుంటాండారా మీరు? ఉప్పెక్కువైందని నాయన కొడితే పోయిండాది. నేను రూపాయి ఇయ్యను.”

వేలు తీసింది. అది వెళ్లిపోయింది. అప్పుడు కనపడింది పైన పేరు.

మెసేజ్‌ను నొక్కిపట్టి ‘ఇన్ఫో’ తెరిచింది. చాలామందికి చేరింది. విన్నవాళ్లలో అప్పుడే చిన్నాయన పేరుంది. అమ్మ పేరు ఎక్కడా లేదు. గొర్రెలు తోలుకొని ముదిగుబ్బ అవతల గుట్టకు పోయుంటుంది, అక్కడ సిగ్నలుండదు. అంటే అమ్మకు ఇంకా చేరలేదు! వెనక్కొచ్చి మళ్లీ నొక్కిపట్టి, చెత్తబుట్ట బొమ్మ ముట్టుకుంది. ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’, దాని కింద ‘డిలీట్ ఫర్ మీ’. బూడిద వేలు జారింది. తగిలింది కిందిదానికి. అడుగున ‘అన్‌డూ’ అని ఒక పట్టీ వచ్చింది. అదేమిటో అర్థమయ్యేలోపే పోయింది.

మెసేజ్ కనపడలేదు. హమ్మయ్య అనుకొని జ్యోతికి ఫోన్ చేసింది.

“తీసేసినానే. పోయింది.”

“యాడ పోయింది? నా ఫోన్లో గుడిగంట మాదిరి ఉండాది! నీ ఒక్కదాని ఫోన్లోనే తీసుకున్యావు.”

“అయితే మళ్లా తీస్తా.”

“నీకాడ లేనిదాన్ని నువ్వేం తీస్తావక్కా? ఇంగ అడ్మిన్ తీయాల్సిందే. అన్న.” అనేసి జ్యోతే ఉపాయం చెప్పింది: “అంతవరకు నేను పూలు పెడతా. పైకి పోతాది, ఎవురికీ కనపడదు.”

నిజంగానే పెట్టింది. శుభోదయాలు, రోజాలు, లక్ష్మీదేవి, చంటిపిల్లలు. మేనత్త ఒకామె “ఏం పాపా, లాటరీ తగిలిందా?” అని అడిగింది కూడా. పూల కింద ఆ గొంతు అట్లాగే ఉంది.

పాలిష్ మిషన్ల రొదలో ఓబుళేసుకు ఫోన్ వినపడదు. చౌడేశ్వరి చేస్తూనే ఉంది. పోగులు తెగుతున్నాయి, అతకడం మరిచింది. చివరికి టీకి బయటికొచ్చి అతనే చేసినాడు.

“ఓబుళేసూ, పొద్దున నేను పెట్టిందాన్ని వినాకు. నొక్కిపట్టి తీసెయ్యి. అడ్మిన్‌వి, నీకు అందరికీ తీసే ఉపాయం ఉంటాది.”

“విన్న్యా.”

చౌడేశ్వరి చేతిలోని పోగు కింద పెట్టింది.

“నిజమేనా అక్కా?”

“నిజమే.”

“మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదు?”

“అమ్మ వద్దనె.”

“మరి ఇప్పుడెందుకు చెప్పినావు?”

ఆమె నోరు తెరిచేలోపే, “అమ్మ విన్న్యాదా?” అన్నాడు.

“నేను చూసినప్పుడు పోలేదు. ఇప్పుడు నాకు తెలీదు, నా ఫోన్లో లేదు కదా. బిరీన తియ్యప్పా, గొర్రెలు మళ్లే పొద్దాయ.”

తీసినాడు. అది కూడా ఆమెకు కనపడలేదు. జ్యోతి స్క్రీన్‌షాట్ పంపితే తెలిసింది: మెసేజ్ ఉన్నచోట ‘అడ్మిన్ ఓబుళేసు తొలగించారు’ అన్న బూడిదరంగు వాక్యం.

పొద్దుగూకినాక తిప్పమ్మ ఫోన్ చేసింది. “ఏందో పెట్టినావంట, వాడు తీసేసినాడంట. ఏమది?”

“ఏం లేదు మా. చీర ఫోటో. తప్పుగా పోయింది.”

“సరేలే” అంది తిప్పమ్మ. చౌడేశ్వరి ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. సిగ్గుపడాల్సిన సంగతి అదే.

ఫోన్లలోంచి తీయొచ్చు, చెవుల్లోంచి తీయడానికి ఏ అడ్మినూ లేడు. సంవత్సరీకం రోజు గంగాధరప్ప తిప్పమ్మను పలకరించడానికి వచ్చినాడు. ఆమె ఎడమపక్క చోటుంది. ఆయన చుట్టూ తిరిగి వచ్చి, కుడిపక్క కూర్చొని, మెల్లగా “బాగుండావా వదినా?” అన్నాడు. ఇన్నేళ్లూ ఎడమపక్కనుంచే కేకలేసి, “చెవిటిదానా” అని ఎగతాళి చేసిన మనిషి. మేనత్త వచ్చింది, ఆమె కూడా కుడిపక్కకే. ఓబుళేసు భార్య వక్కాకు ఇస్తూ కుడిచెవి దగ్గరికి వంగింది.

తిప్పమ్మ ముగ్గురినీ చూసింది. తర్వాత పెద్దకూతురిని చూసింది.

“ఎవురికి చెప్పినావు?”

చౌడేశ్వరి తలెత్తలేదు. “అందరికీ.”

“చీర ఫోటో అంటివే.”

“తప్పయిపోయింది మా.”

తిప్పమ్మ కొంగు లాగి ఎడమచెవి మీద కప్పుకుంది. ఆ చెవిని ఆమె ఎప్పుడూ కప్పుకున్నది లేదు. “మీ నాయన కొట్టినప్పుడు ఇంట్లో ఎవురూ లేకపోయిరి” అంది. “ఇప్పుడు అందురూ ఉండారు.” లేచి గొర్రెలకు నీళ్లు పెట్టడానికి పోయింది. ఆ పూటకు ఆ పని చేస్తామని పక్కింటివాళ్లు ముందే ఒప్పుకొని ఉన్నారు.

రాయి నాటినారు. ‘కరుణామూర్తి’ అనే మాటను ఎవరూ చెరపలేదు. రాతి మీద చెరపడం కుదరదు, కుదిరినా ఎవరికీ ధైర్యం లేదు. దండాలు పెట్టేటప్పుడు ఓబుళేసు రాయి వైపు చూడలేదు. పూజారి మాత్రం సుంకప్ప దయాగుణం గురించి చాలాసేపు మాట్లాడినాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

చౌడేశ్వరి రూపాయి ఇవ్వనన్న మాట కూడా అందరూ విన్నదే. అయినా ఇప్పుడు ఇవ్వకుంటే అమ్మ పేరు మళ్లీ చర్చకొస్తుందని ఒప్పుకుంది. రాయికి తలా మూడువేల ఐదు వందలు పడింది. ఆమె ఇచ్చింది పదిహేను వందలు. రెండు వేలు ఇంకా బాకీ.