నాలుగో ట్రేలో యాభై ఏడు

విత్తన పరీక్షశాలలో అందరూ ఆమెను రిజిస్టరక్క అనేవారు. ట్రేలో తడి కాగితం మీద వంద గింజలు పేర్చడం, ఏడో రోజున మొలకలు లెక్కపెట్టడం, రిజిస్టరులో రాయడం: ఇరవై రెండేళ్లుగా ఇదే ఆమె పని. అంకె తప్పు పడితే ఒకే గీత గీసి పక్కన సంతకం పెట్టేది. కింద పాత అంకె కనబడి తీరాలి. కొత్తవాళ్లెవరైనా రబ్బరు అడిగితే దొంగను చూసినట్టు చూసేది. ఇంట్లో భర్త బీపీ మాత్ర వేసుకున్నదీ లేనిదీ కూడా క్యాలెండరు మీద సిరాతోనే రాసేది. "నీకంటే పోలీసులు నయమే" అనేవాడాయన. ఆ మాట ఆమెకు పొగడ్తలాగే వినిపించేది.

అక్కడే పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి, గింజలు గుడ్డసంచుల్లో కంటే గాలి చొరని డబ్బాల్లో బాగా నిలవుంటాయని నిరూపించడానికి మూడేళ్లుగా తంటాలు పడుతోంది. గింజలు నిల్వపెట్టాక అయిదో నెలలో చేసిన పరీక్ష దగ్గర బండి ఆగింది. సంచుల గింజలు నాలుగు ట్రేల్లో ఎనభై, ఎనభై మూడు, డెబ్బై తొమ్మిది, ఎనభై రెండు మొలిచాయి. డబ్బాలవి తొంభై ఒకటి, ఎనభై ఎనిమిది, తొంభై. నాలుగో ట్రేలో మాత్రం యాభై ఏడు. నాలుగూ కలిపితే సగటు ఎనభై ఒకటిన్నర, అంటే సంచులకూ డబ్బాలకూ తేడా లేనట్టే. మూడే లెక్కేస్తే దాదాపు తొంభై. అప్పటికి ఎనిమిదో నెల నడుస్తోంది కాబట్టి అయిదో నెల పరీక్ష మళ్లీ చేసే వీలు లేదు.

అమ్మాయి పరిశోధనకు గైడైన మేడమ్ రిజిస్టరు తెమ్మంటే అక్క తీసుకెళ్లింది. అమ్మాయి అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

"రిజల్ట్స్ టేబుల్లో మూడు ట్రేల సగటు వేశాను మేడమ్. నాలుగోది థీసిస్ చివర అపెండిక్స్‌లో పెట్టాను. దాచలేదు కదా!"

మేడమ్ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టింది. "అపెండిక్స్ అంటే అటక కాదమ్మా, అక్కర్లేనివి పడెయ్యడానికి. విడివిడి అంకెలన్నీ అక్కడికే పోతాయి, నాలుగూనూ. టేబుల్లో వాటి సగటు, ఎంత అటూ ఇటూ అయ్యాయో, ఎన్ని ట్రేలో రాయాలి. ఒకటి తీసేస్తే కారణం చెప్పాలి. అంకె నచ్చకపోవడం కారణం కాదు."

"ఏదో జరిగే ఉంటుంది మేడమ్."

"జరిగితే రిజిస్టర్లో ఉంటుంది. అక్క రాయకుండా వదిలే మనిషి కాదు. ఏమక్కా?"

"ఏమీ లేదు మేడమ్" అంది అక్క.

ఉంది. అయిదో నెల పరీక్షకు ఒక శుక్రవారం ట్రేలు పెట్టి వెళ్లింది. రెండు రోజుల సెలవు తర్వాత సోమవారం చూస్తే నాలుగో ట్రే మూత ఓరగా ఉంది, కాగితం అప్పడంలా ఎండిపోయింది. నీళ్లు చల్లి, మూత సరిగ్గా పెట్టి, తేరుకుంటాయిలే అనుకుంది. తేరుకోలేదు. రాయాల్సిన చోట రాయనూ లేదు. ఎవరూ అడగనిదాన్ని ఎందుకు కెలుక్కోవడం అనుకుంది.

బయటికొచ్చి చూస్తే, అమ్మాయి పంపు దగ్గర కడిగిన ట్రేలనే మళ్లీ కడుగుతూ, మోచేత్తో కళ్లు తుడుచుకుంటోంది. అక్కకు సిగ్గేసింది. గట్టిగానే సిగ్గేసింది. వెనక్కి తిరిగి మేడమ్ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

మేడమ్ అమ్మాయిని పిలిపించి ఇద్దరికీ చెప్పింది. "మీ మాట నమ్ముతానక్కా. కానీ ఫలితం చూశాక గుర్తుచేసుకున్న కారణంతో ట్రేని తీసెయ్యలేం. తక్కిన ట్రేల మూతలు సరిగ్గా ఉన్నాయని కూడా రాసి లేదుగా? టేబుల్లో నాలుగూ ఉంటాయి. అక్క చెప్పింది టేబుల్ కింద ఫుట్‌నోట్‌గా వెయ్యి. నాలుగోది లేకుండా చేసిన లెక్క అపెండిక్స్‌లో పెట్టు, చదివేవాళ్లు చూసుకుంటారు. అక్కా, మీరు రిజిస్టర్లో ఇవాళ్టి తారీఖు వేసి రాయండి."

"ఆ రోజే ఒక్క ముక్క రాసుంటే..." అంది అమ్మాయి. మిగతాది మింగేసింది.

"తిట్టు తల్లీ, పడతాను" అంది అక్క. అమ్మాయి తిట్టలేదు. ఆ రాత కాస్తా మేడమ్ ముందే పూర్తిచేసి అక్క సంతకం పెట్టింది.

తర్వాతి వారం ఎనిమిదో నెల ట్రేలు లెక్కకొచ్చాయి. అక్క లెక్కపెట్టి తొంభై అని రాసింది. అమ్మాయి సంచిలోంచి సొంత నోటుబుక్కు తీసి, తల ఎత్తకుండా అదే ట్రేని తన ముందుకు లాక్కుని, మొదటి మొలక నుంచి మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్లలో అక్క లెక్కపెట్టాక ఇంకొకరు లెక్కపెట్టడం అదే మొదలు. అక్క, అమ్మాయి వెలుతురుకు అడ్డం రాకుండా కుర్చీ పక్కకు జరుపుకుంది.