బావ కార్డుకు బంగారు పిచ్చి

మా బావకు పెళ్ళి ఫొటోలు తీయడం తప్ప మిగతావన్నీ కష్టమే. మా అక్క భర్త. పన్నెండేళ్ళు ఒక పెద్ద స్టూడియోలో జీతానికి పనిచేసి, ఈమధ్యే బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టాడు. రావడంతోనే నా ప్రింటింగ్ షాపు మెట్లెక్కాడు.

"మరదలా, చేతిలో పెట్టగానే ఎదుటివాడు నోరెళ్ళబెట్టాలి. అలాంటి విజిటింగ్ కార్డు కావాలి" అన్నాడు.

పెద్దింటి పెళ్ళిళ్ళు ఏర్పాటు చేసే ఒకావిడ శుక్రవారం కలుస్తానందట. ఆవిడకు నచ్చితే సీజనంతా పనే. నచ్చకపోతే మళ్ళీ ఆ స్టూడియో గడప తొక్కాలి. చచ్చినా తొక్కనని అక్క ముందు ఒట్టేసి మరీ వచ్చాడు మహానుభావుడు.

నల్లటి మ్యాట్ కాగితం, దాని మీద బంగారు రేకులా మెరిసే ఫాయిల్‌లో పేరు, కింద ఫోన్ నంబరు. చుట్టూ బోలెడంత ఖాళీ. నేను వేసింది అంతే. బావకు ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఒక కెమెరా బొమ్మ పెట్టమన్నాడు. దానికి రెక్కలు పెట్టమన్నాడు. రెక్కల చుట్టూ సన్నటి తీగ గియ్యమన్నాడు.

"అంత సన్నటి గీత మీద ఫాయిల్ నిలవదు బావా, తెగిపోతుంది."

"పోనీ లావుగా గియ్యి."

రోజూ ఇదే రామాయణం. ఆఖరికి క్యూఆర్ కోడు కూడా బంగారంలోనే కావాలన్నాడు. దాన్ని స్కాన్ చేస్తే తన ఫొటోల పేజీ తెరుచుకోవాలట. నలుపు మీద మెరిసే కోడును అన్ని ఫోన్లూ చదవలేవని, లైటు పడితే అసలే కనిపించదని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. వింటేనా! నా మానిటర్ మీదున్న డిజైన్‌కే ఫోను పెట్టి స్కాన్ చేసి, ఇంకా ఫొటోలు పెట్టని పేజీ తెరుచుకోగానే "చూశావా, వచ్చింది!" అని ఎగిరాడు.

మానిటర్‌లో అది ఉత్త పసుపు రంగు, మెరవదు. ఆ మాట చెప్పడం దండగని ఫాయిల్‌తో ఒక్క నమూనా తీసి చేతిలో పెట్టాను. ట్యూబులైటు కింద అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బల్ల కిందికి దూరి నీడలో ఒకసారి చదివించగలిగాడు.

"పెళ్ళివాళ్ళందర్నీ బల్ల కింద దూరమంటావా?" అన్నాను. అక్కడికి దిగొచ్చాడు.

నల్ల కాగితానికి వెనకవైపు గరుకు పాలరంగు కాగితం అతికించాను. కార్డు మందంగా, చేతికి బరువుగా వచ్చింది. కోడును ఆ వెనకవైపు నల్ల సిరాతో, చుట్టూ తెల్లగా జాగా వదిలి వేశాను. ఆ కోడు వెళ్ళేది బావ పేరుతో తీసుకున్న చిన్న వెబ్ అడ్రసుకు. రేపు ఫొటోలు మార్చుకున్నా కార్డులు మళ్ళీ అచ్చు వేయనక్కర్లేదు. ఇక కావలసింది ఆ పేజీలో పెట్టడానికి ఓ ఇరవై ఫొటోలు.

అవి మాత్రం రావు. అడిగినప్పుడల్లా "పంపిస్తాలే, ముందు ఆ అక్షరం కాస్త వంచు" అంటాడు. బుధవారం నా ఓపిక చచ్చిపోయింది.

"ఫొటోలు ఇస్తావా, లేక కార్డు చించెయ్యనా?"

బావ కుర్చీలో కూలబడ్డాడు. "ఏం ఇవ్వను? తీసినవన్నీ స్టూడియోవి. ఎక్కడా చూపించకూడదని చేరినప్పుడే సంతకం పెట్టించుకున్నారు. పన్నెండేళ్ళు తీశాను. నాదని చూపించుకోడానికి ఒక్కటీ లేదు."

రెక్కలూ తీగలూ బంగారమూ అన్నీ ఆ లోటు కప్పడానికేనన్నమాట! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ ముక్క ముందే ఏడవచ్చుగా!" అని అరిచాను. అరిచాక జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపమొచ్చింది.

"మన ఇళ్ళ పెళ్ళిళ్ళకు నీ సొంత కెమెరాతో తీసినవి ఏమయ్యాయి?"

"అవి సరదాకి తీసినవి. ఇంట్లోవాళ్ళని చూపిస్తే పరువేముంటుంది?"

"తీసింది నువ్వేగా?"

ఆ పూటంతా షాపులో కూర్చుని ఏరాం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి వాళ్ళ ఫొటో పెట్టుకోవచ్చా అని అడిగాం. అందరూ సరేనన్నారు. పేజీలో అన్నిటికన్నా ముందు బావ పెట్టిన ఫొటో నాది. నా పెళ్ళిలో నవ్వమని ఎవరో ప్రాణం తీస్తుంటే కొరకొరా చూస్తున్న ఫొటో. అది తీసెయ్యమందామనుకున్నాను. కానీ ఉన్నవాటిలో అదే బాగుంది. పళ్ళు నూరుకుంటూ ఉండనిచ్చాను.

శుక్రవారం ఆవిడ నా షాపుకే వచ్చింది, బావకు వేరే ఆఫీసు ఎక్కడేడిసింది కనక. కార్డు మీద బొటనవేలు రాసి చూసింది. వెనక్కి తిప్పి ఫోను పెట్టింది. పేజీ వెంటనే తెరుచుకుంది. ఆవిడ పకాలున నవ్వింది.

"ఈ కోపిష్టి పెళ్ళికూతురెవరండీ?"

బావ నావైపు చూపించాడు. అప్పుడూ నా మొహం అలాగే ఉంది.

ఆవిడ మిగతా ఫొటోలన్నీ నిదానంగా చూసింది. "అందరూ పోజులు పెట్టించి తెస్తారు. వీటిలో మనుషులున్నారు. వచ్చే నెల మా చెల్లెలి పెళ్ళి. వస్తారా?"

బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వస్తాడండీ" అని కసిరినట్టు నేనే చెప్పాను.