చివర 254

అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సు చేసి, పంజాగుట్టలోని ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో చేరిన కొత్తలో నాకు పొగరు కాస్త ఎక్కువే. పాతిక కంప్యూటర్లు, వాటికి నేనొక్కణ్ణే దిక్కు. అమెరికా డాక్టర్లు మాట్లాడిన రికార్డింగులు విని, టైపు చేసి, గడువులోగా ఇంటర్నెట్‌లో తిరిగి పంపడం అక్కడి పని.

దసరా అయిన దగ్గర్నుంచి, బల్కంపేట నుంచి వచ్చే టైపిస్టు ఒకామె ఫైళ్లు ఆలస్యం కావడం మొదలైంది. "నెట్ వస్తలేదు సార్" అనేది. రీస్టార్ట్ చేసినా రాదు. నేను విసుక్కుంటూ వెళ్లి, కంప్యూటరు తన నెట్‌వర్క్ అడ్రసు వదిలేసి మళ్లీ తెచ్చుకునే రెండు కమాండ్లు టకటకా కొట్టేవాణ్ణి. మొదటిసారి రాకపోతే రెండోసారికి వచ్చేసేది. "ఏముందమ్మా, బాగానే ఉంది కదా!" అని లేచి వచ్చేవాణ్ణి. మూడుసార్లు అట్లాగే అయింది. మూడుసార్లూ మేనేజరుకు 'సిస్టమ్ బాగానే ఉంది' అని చెప్పింది నేనే.

నాలుగోసారి పొద్దున్నే మేనేజరు నన్ను పిలిచాడు. గుంటూరు మనిషి, మాట మెత్తన. "ఏవండీ, ఆవిడ పని ఎగ్గొట్టి నెట్ మీద నెడుతోందన్నమాట. సాయంత్రం నాలుగింటికి రాజీనామా రాయిస్తాను. మీరు చెప్పినదాన్ని బట్టే లెండి" అన్నాడు.

ఇద్దరు పిల్లల స్కూలు ఆమె జీతం మీదే నడుస్తోందని ఆఫీసంతటికీ తెలుసు.

నేరుగా ఆమె సీటు దగ్గరికి వెళ్లాను. ఆమె నా వైపు చూడలేదు.

"ఏం ముట్టుకోలే సార్. మీరే చూడుండ్రి. ప్రింటు వస్తది, షేర్ ఫోల్డర్ తెరుచుకుంటది, నెట్ ఒక్కటే రాదు."

ఈసారి కమాండ్లు కొట్టబోయి ఆగాను. ముందు, కంప్యూటరుకు ఏ అడ్రసు వచ్చిందో, ఎవరిచ్చారో తెరిచి చూశాను. బయటికి పోయే దారి, అంటే గేట్‌వే, దాని నంబరు చివర 1 ఉండాలి. 254 ఉంది. అడ్రసు ఇచ్చిన డీహెచ్‌సీపీ సర్వరు చివర కూడా 254. మా ఆఫీసులో అడ్రసులు ఇచ్చేది ఒక్క 1 మాత్రమే. మరి ఇదెవడు? ఇంకొకడు దూరి, తప్పు దారి చూపిస్తున్నాడు! కంప్యూటరు లేవగానే అడ్రసు కావాలని అందరినీ అడుగుతుంది, ఏ జవాబు ముందొస్తే సాధారణంగా దాన్నే పట్టుకుంటుంది. నేను పోయిన ప్రతిసారీ ఆధారాన్ని నా చేతులతోనే తుడిచేసి వచ్చానన్నమాట. నా మొహం మండ!

"మరి నాకొక్కదానికే ఎందుకు సార్?" అంది.

"మీరు సాయంత్రం కంప్యూటరు ఆపేసి పోతారా?"

"ఆపి పొమ్మని మీరే చెప్తిరి కద!"

నిజమే. మిగతావాళ్లు మానిటరు ఒక్కటే ఆపి వెళ్లిపోతారు. వాళ్ల కంప్యూటర్లు అసలు సర్వరు దగ్గరే అడ్రసు గడువు పొడిగించుకుంటూ ఉంటాయి. ఎనిమిది గంటల గడువు రాత్రే తీరిపోయి, పొద్దున్నే కొత్తగా అడిగేది ఈమె కంప్యూటరు ఒక్కటే. చెప్పిన మాట విన్న పాపానికి ఈమె దొరికింది.

వాడిని పట్టుకోనిదే అన్నం ముట్టననుకున్నాను. 254ను 'ఉన్నావా?' అని ఆగకుండా అడిగే పింగ్ పెట్టి, "ఇది ఆగిపోగానే కేకెయ్యండి" అని ఆమెను కూర్చోబెట్టి, కేబుళ్లన్నీ వచ్చి చేరే నెట్‌వర్క్ స్విచ్ దగ్గర ఆమెది వదిలి ఒక్కొక్క కేబులే పీకి మళ్లీ పెట్టడం మొదలెట్టాను. పనిలో ఉన్నవాళ్లంతా అరిచారు. అరవనీ. పంతొమ్మిదో కేబులు పీకగానే "ఆగింది సార్!" అని కేక వినిపించింది.

ఆ కేబులు వెంబడే పోతే స్టోర్ రూములో గోడ సాకెట్టు, అక్కడి నుంచి బీరువా మీదికి. అక్కడ అమ్మవారి పటం వెనక, కుంకుమ బొట్టుతో, ఎండిపోయిన బంతిపూల కింద, పచ్చలైట్లు మిణుకుమిణుకుమంటూ మా పాత రౌటర్. ఒకప్పుడు అడ్రసులు పంచింది ఇదే, పాత నెట్ కనెక్షన్ తీసేశాక మూలన పడేసింది. ఆయుధపూజ నాడు పాపం అదీ కష్టపడిందని బయటికి తీసి బొట్టు పెట్టింది నేనే. పూజ చేసిన వస్తువు ఒక్కసారన్నా నడవాలని కరెంటిచ్చి, ఉత్సాహం కొద్దీ కేబులు కూడా గుచ్చి, మర్చిపోయింది నేనే.

పీకి అక్కడే పెట్టి, ఎవరూ చూడలేదని ఊరుకోవచ్చు. ఒక్క క్షణం అనిపించింది కూడా, అబద్ధమెందుకు. కానీ రౌటర్‌ను పూలతో సహా చంకలో పెట్టుకుని, ఆమెను వెంటబెట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లాను.

"తప్పు నాది సార్. ఈమె చెప్పిందంతా నిజం" అని మొత్తం చెప్పాను. ఆయన బల్ల మీద సిద్ధంగా ఉన్న రాజీనామా కాగితం చింపేశాడు.

బయటికొచ్చాక థాంక్స్ అంటుందేమోనని నిలబడ్డాను, సిగ్గులేకుండా.

"మేనేజరు సారు నన్ను ఎరగడు, ఆయన ఏమన్నా అనుకోనీ" అంది ఆమె. "మీరు పక్కన కూసొని నా మొహం చూసిండ్రు కద సార్. మూడుసార్లు చూసి సుత నేను అబద్ధం చెప్తున్ననే అనుకుంటిరి."

ఆమె వెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆగిపోయిన ఫైలు టైపు చేయడం మొదలెట్టింది.