అవ్వ విప్పిన పోగులు

కృపామయుడైన దేవునికి స్తోత్రం. ఇరవై రెండేళ్లు ధర్మవరంలో పరాయి కప్పు కింద నన్ను కాచి, మగ్గం గుంతలో చల్లబడిన నా కాళ్లలో ఇంకా నడక మిగిల్చినవాడు ఆయనే.

ఈ సాయంత్రం కడపటి చీర కోసి మడత పెట్టాను. బోసిపోయిన మగ్గాన్ని చూస్తే మనసు ఆగక, అందరూ పడుకున్నాక ఈ పుస్తకం తీసి రాస్తున్నాను. రేపు తొలి బస్సుకు తనకల్లు దగ్గరి మా ఊరికి పోవాలి. ఇక తిరిగి రాకూడదు.

నేను నేతవాడిగా పుట్టలేదు. శనక్కాయ చేను ఎండిపోయిన ఏడాది ఊరు వదిలి, హిందూపురంలో పట్టుగూళ్ల మూటలు మోశాను. ధర్మవరం నుంచి పట్టు కొనడానికి వచ్చిన షావుకారు నన్ను చూసి, "ఏమప్పా, కాళ్లు పొడుగ్గా ఉండాయి, మగ్గం తొక్కుతావా?" అన్నాడు. సంతలో ఎద్దును చూసినట్టే చూశాడు గానీ, తన ఇంట్లోనే పెట్టుకుని పని ఓపికగా నేర్పాడు. నడుం దాకా గుంతలో కూర్చుని తొక్కాలి. వానాకాలం ఒక కప్ప తోడుండేది. నేను పాడిన కీర్తనలన్నీ అది విన్నది, మారుమనస్సు మాత్రం పొందలేదు.

పడుగు అంటే మగ్గానికి నిలువునా బిగించే పట్టుపోగులు. మా మగ్గం మీద ఒక పడుగుకు నాలుగు చీరలు వస్తాయి. నాలుగోది కోసేటప్పుడు పోగుల కొసలు మగ్గంలోనే వదిలేస్తాం. కొత్త పడుగులోని ఒక్కో పోగునూ ఆ కొసల్లో ఒక్కోదానికి ఆనించి, బూడిద అద్దిన వేళ్లతో పురి తిప్పి అతకాలి. వేల పోగులు. అందుకే మగ్గానికి ముగింపంటూ ఉండదు, పాతదాని తోక పట్టుకుని కొత్తది వచ్చేస్తుంది. మా వీధిలో ఒక కట్టుబాటు ఉంది: తొలి పోగు ఎవరు అతికితే ఆ పడుగంతా వాళ్లే నేయాలి. మూడుసార్లు మూట కట్టుకున్నాను, మూడుసార్లూ షావుకారు కొత్త పడుగు తెచ్చి "ఈ ఒక్కటే" అన్నాడు. నేను "సరే అన్నా" అన్నాను. పోయిన ఆదివారం సంఘం నాకు నాలుగోసారి వీడ్కోలు ప్రార్థన చేసింది. పాస్టరయ్య నవ్వు ఆపుకోవడానికి కండ్లు గట్టిగా మూసుకున్నాడు. ఫోన్లో నా భార్య, "ఈసారి అతికితే కొడవలి తీస్కోని నేనే వస్తా" అంది. ఇప్పుడు నా చూపు కూడా తగ్గింది. తెగిన పోగు నాకు కనబడేసరికి జానెడు నేత పాడైపోతోంది.

ఈ రాత్రి అన్నం తిన్నాక షావుకారు తల్లి కొత్త పడుగు ముందేసుకుని మగ్గం దగ్గర నుంచి పిలిచింది. ఈ ఇంట్లో పోగులు అతికేది ఆమే. చూపు లేదు, అంతా వేళ్లతోనే. "ఈ కొస పట్టుకో నాయనా" అంది. పట్టుకున్నాను. ఇరవై రెండేళ్ల అలవాటు. వేళ్లు వాటంతటవే బూడిద అద్దుకున్నాయి, పురి తిప్పాయి. తెలివి వచ్చేసరికి గుప్పెడు పోగులు అతికేశాను. వాకిట్లో షావుకారు నిలబడి ఉన్నాడు.

"అయిపోయా! అతికితివి కదప్పా. రెండు నెల్లే, కండ్లు మూసి తెరిస్తే అయిపోతాది."

గుంత నన్ను మెడదాకా లాగినట్టయింది. అవ్వ తల ఎత్తింది.

"ఏం, యాడికన్నా పోతాండావా?"

"రేప్పొద్దున ఊరికి, అవ్వా. ఇంక రాను."

"నాకెవరూ చెప్పలేదే!" అని కొడుకు వైపు తిరిగింది. "అందుకేనా వాన్ని పిలువు పిలువు అంటివి?"

"నేసేవాళ్లు యాడుండారమ్మా? నీ మనవడు పెనుకొండ కాడ కార్ల కంపెనీకి పాయె. మగ్గం మొగమే చూడడు."

అవ్వ నేను అతికిన పోగులను వేళ్లతో తడిమి, ఒక్కొక్కదాని పురీ వెనక్కి తిప్పి విప్పసాగింది.

"అమ్మా, అతికింది విప్పితే శకునం బాగుండదు!"

"నేను విప్పుతాండా, నాకే తగల్నీలే. మీ నాయన సచ్చేదాకా ఈడనే నేసె. నీకూ కాళ్లుండాయి, దిగు గుంతలోకి."

షావుకారు పోయి, వాకిలికి అడ్డంగా మంచం వేసుకుని పడుకున్నాడు. అవ్వ చివరి పోగు విప్పి, నా చెవిలో "వాడు లేసేలోపల దాటుకోని పో" అంది. పరిశుద్ధ గ్రంథంలో, వెనకటికి మామ ఇంట గొర్రెలు కాచిన పితరుడూ చెప్పకుండానే బయలుదేరాడు. పాపం, ఆ మామ మనుషులతో ఏడు దినాలు తరుముకొచ్చాడు. నాకు అన్నం పెట్టి పని నేర్పిన మనిషిని దొంగలా దాటలేను. తెల్లవారగానే లేపి, మొహం చూసి చెప్పాలి.

ఇరవై రెండేళ్లు నాలుగేసి చీరలుగా గడిచాయి. ఏ నాలుగు చీరలూ ఎక్కువ కాలంగా తోచలేదు. ఇది చదివే మీరు కూడా నాతో మోకరించండి. షావుకారు కండ్లు తెరిచి "ఇదొక్కటేనప్పా" అన్నప్పుడు, నా నోట "సరే" అనే మాట రాకుండా ఉండాలని ప్రార్థించండి.