బాబాయ్ నునుపు చేసిన అతుకు

మా పిన్ని కాంక్రీటు పనిలో తట్టలు మోసి మోసి మేస్త్రి అయింది. సొంతంగా చేపట్టిన మొదటి పని ఒక నీళ్ల తొట్టి. అది కారితే మళ్లీ తట్ట ఎత్తుకోవాల్సిందేనని కాంట్రాక్టరు ముందే తేల్చి చెప్పాడు. అందుకని ఆవిడకి తిండీ నిద్రా తొట్టి దగ్గరే. బాబాయ్ ప్లాస్టరింగు పనివాడు. గరుకుగా ఏది కనబడినా ఆయన చెయ్యి ఊరుకోదు. ఇంట్లో గిన్నెలో పెరుగు కూడా చదును చేసిగానీ వడ్డించుకోడు, అదో పిచ్చి.

గోడలు సగం పోసేసరికి మిక్సరు మొరాయించింది. ఆ రోజుకి బాగుపడదని తేలిపోయింది. పోసిన కాంక్రీటుని అదిరించి కుదించే వైబ్రేటరు పట్టేది నేనే. కింది పొర మెత్తగా ఉంటే అందులోకి దించి పాతా కొత్తా రెండిటినీ ఒకటి చేస్తాను. బిగిసిపోయాక కొత్తది పాతదాంతో కలవదు, మీదెక్కి కూర్చుంటుందంతే. ఆ సందులోంచే నీళ్లు దారి చేసుకుంటాయి, గోడ బలం తగ్గేదీ అక్కడే. మర్నాడు పోసేది పట్టుకునేలా పైభాగాన్ని గరుకుగా వదిలేయమని చెప్పి పిన్ని మెకానిక్కుతో తగువు పెట్టుకోవడానికి వెళ్లింది.

ఆవిడ అటు వెళ్లిందో లేదో, బాబాయ్ తాపీ తీశాడు. ఇనుప కడ్డీల సందుల్లో దూరి, పైకి తేలిన సిమెంటు పాలను రుద్ది రుద్ది అద్దంలా చేశాడు. వద్దు బాబాయ్ అంటే, అంత అందవికారంగా వదిలేస్తే పిన్ని పరువు పోతుందన్నాడు.

మిక్సరు బాగు చేయించుకుని మర్నాడు తిరిగొచ్చిన పిన్ని, అతుకు మీద గోటితో గీరి చూసింది. బాబాయేమో మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడు, పాపం.

"నున్నగా వచ్చింది కదూ?"

"వచ్చిందండీ. ఇక మీ చేత్తోనే చెక్కండి."

చెక్కక చస్తాడా. పోతకి అచ్చుగా కట్టిన పలకలు ఒక పక్క విప్పించి ఉలీ సుత్తీ చేతికిచ్చింది. ఆ పైపొరలో సత్తువ ఉండదని, కంకర రాళ్లు బయటపడేదాకా ఆగొద్దని పక్కనే నిలబడి పోరింది. తన పనితనాన్ని తనే బద్దలు కొట్టుకుంటుంటే బాబాయ్ ముఖం చూడలేకపోయాం, అయినా నవ్వాగలేదు. తర్వాత తీగ బ్రష్షుతో అతుకునీ కడ్డీలనీ తోమించి, దుమ్ము పోయేలా కడిగించి, తడిగా ఉంచింది. పోసే ముందు నిలిచిన నీళ్లు గుడ్డతో అద్దించింది. చిక్కటి సిమెంటు నీళ్లు పూయించి, అవి ఆరకముందే కొత్త కాంక్రీటు పోయించింది. అతుకు దగ్గర వైబ్రేటరు సరిగా పెట్టకపోతే నా పని పడతానంది.

గోడలు గట్టిపడ్డాక తొట్టి నింపారు. ముందే బయట పూత పూసేస్తానని బాబాయ్ సంబరపడితే, కారితే కనపడాలి కదా అని పిన్ని ఒప్పుకోలేదు. మూడో రోజు కాంట్రాక్టరు వచ్చి అతుకు పొడవునా అరచేత్తో తడిమాడు. ఆయన పొడి చెయ్యి చూసుకుని, వచ్చే తొట్టి కూడా నీదేనన్నాడు. పిన్ని కళ్లు తుడుచుకుంది.

పూత పనికి మీ ఆయనేనా అని అడిగాడాయన.

"ఆయనేనండీ," అంది పిన్ని. "కాకపోతే పోత పూర్తయ్యేదాకా తాపీ నా దగ్గరే ఉంటుంది."