జీతంలో కోసింది ఎక్కడికి పోయింది?

మా ఆయన కొబ్బరి దింపులు తీసేవాడు. చెట్టు మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. రాడ్డు వేశారు గానీ ఎముక అతకలేదు, మళ్ళీ ఆపరేషను చెయ్యాలన్నారు డాక్టరుగారు. నేనేమీ కంగారు పడలేదు. ఆరేళ్ళుగా రొయ్యల ప్లాంటులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు వలుస్తున్నాను, నెలనెలా జీతంలో పీఎఫ్ కోస్తున్నారు, జబ్బు చేస్తే తీసుకోవచ్చు కదా అని నా ధీమా.

అమలాపురంలో నెట్ సెంటరు నడిపే ఆవిడ కంప్యూటర్లో నా పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, కాసేపు కిందికీ పైకీ జరిపింది.

"మొదటి ఏడాదిదే ఉందండీ. ఆ తర్వాత పైసా పడలేదు," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు డ్యూటీ ఎక్కకుండా తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాను.

"సర్వరు పనిచెయ్యట్లేదమ్మా, రెండ్రోజుల్లో కనపడతాది," అన్నాడు.

"ఐదేళ్ళ నించీ పనిచెయ్యట్లేదాండీ?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "కోసేమంటున్నావు, స్లిప్పులున్నాయా నీ దగ్గర?"

ఉండవని ఆయనకి తెలుసు. మేం ఆడవాళ్ళం జీతం స్లిప్పు చేతికందగానే కిరాణా కొట్టులో ఇచ్చేస్తాం. అది చూస్తేనే ఆ నెల సరుకులు అరువిస్తారు. అరువు తీర్చేశాక స్లిప్పు వెనక్కి అడగాలని ఒక్కదానికీ తోచలేదు. చదువుకున్నవాళ్ళం కూడా ఉన్నాం మాలో, సిగ్గుచేటు!

ఆ సాయంత్రమే కొట్టుకి పరిగెత్తాను. కొట్టు బాబాయిగారిని, "మా స్లిప్పులు పారేసేరాండీ?" అని అడిగాను.

"పారేత్తానేంటమ్మా? రేపెవరైనా బాకీ లేదంటే నేనేం చూపించనూ?" అని అటక మీంచి మూడు సంచులు దింపారు. ఆయన అనుమానం సల్లగుండ! ప్లాంటు ఆడవాళ్ళం నలభై మందివీ మా అరుగు మీద పోసి, ఎవరివి వాళ్ళకి విడదీశాం. ప్రతి దాని మీదా ప్లాంటు పేరుంది, పీఎఫ్ కోత ఉంది.

పీఎఫ్ వాళ్ళు నెలకోసారి జిల్లాలో శిబిరం పెడతారని నెట్ సెంటరు ఆవిడే చెప్పింది. నలభై మందిమీ సంతకాలు చేసి, స్లిప్పుల జిరాక్సులతో అర్జీ ఇచ్చాం. అక్కడున్న అధికారి రెండు స్లిప్పులు చూసేసరికే మొహం గంభీరంగా పెట్టారు.

"ఎంత కట్టాలో విచారణ చేసి తేలుస్తామండీ. కంపెనీ వాటా కూడా కలుస్తుంది, వడ్డీ, జరిమానా వేరే. అప్పటికీ కట్టకపోతే వాళ్ళ బ్యాంకు ఖాతా జప్తు చేస్తాం. జీతంలో కోసుకుని కట్టకపోవడం నమ్మకద్రోహం, పోలీసు కేసు కూడా అవుద్ది," అన్నారు.

ప్లాంటుకి నోటీసు అందిన వారం నించీ నన్ను వలిచే బల్ల దగ్గర్నించి తీసేసి కోల్డ్ రూములోకి మార్చారు. నేను మానేస్తానని వాళ్ళ ఆశ. ఛీ, నేనెందుకు మానేస్తాను? రెండు స్వెట్టర్లేసుకుని వెళ్ళేదాన్ని.

మొదటి వాయిదాలో మేనేజరు, వీళ్ళు మా మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులన్నాడు. కాంట్రాక్టరు కట్టకపోతే పని చేయించుకున్న మీరే కట్టాలి, అన్నారు అధికారి.

రెండో వాయిదా రోజు రాజమండ్రిలో పీఎఫ్ ఆఫీసు మెట్ల దగ్గర మేనేజరు నన్ను పక్కకి పిలిచాడు. చేతిలో కవరు.

"మీ ఆయన ఆపరేషనుకి సరిపోద్దమ్మా. ఇప్పుడే తీస్కో. నాకంతా ముట్టిందని, స్లిప్పులు తప్పని ఒక్క సంతకం పెట్టు. మిగతావాళ్ళ గొడవ నీకెందుకు?"

తీసుకుందామనే అనిపించింది, దాచడమెందుకు. ఇంట్లో ఆయన గోడ పట్టుకుని నడుస్తున్నాడు. స్లిప్పులు తప్పని నేనే రాసిస్తే మిగతా ముప్పై తొమ్మిది మందీ ఏమవుతారు? పైగా నా డబ్బు నాకే ముష్టి వేస్తున్నట్టు ఆ కవరు ఊపడం చూస్తే మళ్ళీ మండింది.

"మీరు కోసింది ఎక్కడ కట్టాలో అక్కడ కట్టండి," అని మెట్లెక్కేశాను.

కంపెనీ కట్టాలని ఉత్తర్వు వచ్చింది. గడువులోగా కట్టలేదు. ఖాతా జప్తయ్యాక, రొయ్యల రైతులకి చెక్కులివ్వలేక, అప్పుడు కట్టారు. ఇదంతా తేలేసరికి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ ఆయన గోడ పట్టుకునే నడిచాడు.

డబ్బు పడగానే దరఖాస్తు పెట్టాను, ఆపరేషను అయింది. ఆయన చంక కర్రలు వదిలేసిన రోజున కవరు సంగతి చెప్పాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెప్తే తీసుకోమనేవాడివి."

కాలు నిమురుకున్నాడు. "అనేవోణ్ణే," అన్నాడు.