పసుపు నీళ్లలో నిమ్మరసం

తొండియార్‌పేటలోని మా తెలుగు మీడియం బడిలో చెంగమ్మ ఇరవై మూడేళ్లుగా సైన్సు చెబుతోంది. ఆమె ప్రయోగశాల ఒక బిస్కెట్ల డబ్బా. అందులో నాలుగు టీ గ్లాసులు, ఇంకు ఫిల్లరు, సబ్బు ముక్క, సున్నం పొట్లం ఉంటాయి. ఆ డబ్బాను చూసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. నేను ఆ బడి హెడ్మాస్టర్ని.

షోళింగనల్లూరులో అద్దాల మేడ ఏడో అంతస్తులో ఒక సంస్థ ఉంది. బీద పిల్లలకు సైన్సు నేర్పడం దాని ఆశయమట. అక్కడ శ్రీనివాసరావు అనే 'కంటెంట్ నిపుణుడు' ఉన్నాడు. గుంటూరు నుంచి వచ్చి రెండేళ్లయింది. ఒక ఇంగ్లీషు ప్రయోగపత్రాన్ని తెలుగు చేసే పని ఆయనకు పడింది. ఎర్ర క్యాబేజీ రసంతో ఏది ఆమ్లమో, ఏది క్షారమో తేల్చే ప్రయోగం అది. మా పేటలో ఎర్ర క్యాబేజీ దొరకదని ఆ మహానుభావుడికి ఎలాగో తట్టింది. దాన్ని కొట్టేసి పసుపు నీళ్లు అన్నాడు. బీకరుకు బదులు టీ గ్లాసు, వెనిగరుకు నిమ్మరసం, అమ్మోనియాకు సబ్బునీళ్లు పెట్టాడు. కింద మాత్రం 'ఆమ్లంతో ఎరుపు, క్షారంతో ఆకుపచ్చ' అని ఉన్నది ఉన్నట్టే వదిలేశాడు.

అక్షరదోషాలు చూడమని నాకు పంపారు. రెండు దీర్ఘాలు సరిచేసి సంతకం పెట్టాను. అంతకంటే చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

చెంగమ్మ మాత్రం మధ్యాహ్న భోజనం వండే గదిలో చేసి చూసింది. రెండు గ్లాసులు పట్టుకుని నా గదికి వచ్చింది. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు.

"సార్, ఇది నిమ్మరసం వేసింది. ఏమీ మారలా. ఇది సబ్బునీళ్లు, ఎర్రనైంది. ఈయన క్యాబేజీని తీసేసినాడు, దాని జవాబును మాత్రం ఆడే పెట్టుకున్నాడు."

"ఇప్పుడేం చేద్దాం?"

"జవాబు మార్చమనండి. లేదా, పసుపు తీసి ఎర్రమందారం పెట్టమనండి. పూరేకులు వేడినీళ్లలో నానేస్తే నిమ్మరసానికి ఎర్రగా, సబ్బునీళ్లకు ఆకుపచ్చగా తిరగతాది. పిల్లోళ్లు చూసిందే రాయాల సార్. నాకు అదొక్కటే కావాల."

నేను ఫోన్ చేశాను. శ్రీనివాసరావు చాలా మర్యాదగా మాట్లాడాడు. "మాస్టారూ, మమ్మల్ని సామాన్లు మాత్రమే మార్చమన్నారండి. ఫలితాలు ఒరిజినల్లో ఉన్నవి. వాటిని మనం ముట్టుకోకూడదు." నేను సరేనన్నాను. ఆ సరేకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమే.

పత్రాలు అచ్చయి వచ్చాయి. ఏడో తరగతిలో ప్రయోగం జరిగిన రోజు శ్రీనివాసరావు ఫొటోలకని వచ్చాడు. తనే ఫిల్లరు తీసుకుని పసుపు నీళ్లలో నిమ్మరసం వేశాడు. పసుపు అలాగే ఉంది. ఇంకో ఐదు చుక్కలు వేశాడు. చివరికి కాయంతా పిండాడు.

"కాయ మంచిది కాదనుకుంటా" అన్నాడు, నిపుణుడు కదా.

ముందు బల్లలో యామిని అనే పిల్ల లేచింది. "మా అవ్వ హారతినీళ్లకు పసుపులో సున్నం వేస్తాది సార్, అప్పుడే ఎర్రనవుతాది. నిమ్మకాయ పిండితే మళ్లా పసుపుకే వచ్చేస్తాది."

"నువ్వు పత్రంలో ఉన్నట్టు రాయమ్మా" అన్నాడాయన, ఫోన్ కెమెరా సర్దుకుంటూ.

చెంగమ్మ పిల్లలవైపు తిరిగింది. "మీరు ఏం చూసినారో అది రాయండి."

ఆ రోజు వచ్చిన ముప్పై ఒక్క మందీ చూసిందే రాశారు. ఆ పట్టికలు సంస్థకు వెళ్లాయి. నెల తిరిగేసరికి జవాబు వచ్చింది. మా బడి అన్ని బడులకంటే అడుగున ఉందట. అందరూ తప్పే రాశారట, ఒక్క సితార తప్ప. ఆ పిల్లకు ప్రశంసాపత్రం, దాన్ని సభలో ఇవ్వమని నాకు ఆదేశం.

సితారకు ప్రయోగం రోజు జ్వరం. బడికే రాలేదు. తర్వాత ఇంట్లో కూర్చుని, అచ్చులో ఉన్నది చూసి పట్టిక నింపింది.

చెంగమ్మ సితారను నా గదికే పిలిపించింది. బిస్కెట్ల డబ్బా తెరిచి ఫిల్లరు చేతికిచ్చింది. ఆ పిల్ల ఒక గ్లాసులో నిమ్మరసం వేసింది, ఇంకో గ్లాసులో సబ్బునీళ్లు వేసింది. రెండింటినీ చాలాసేపు చూసింది.

"నాదే తప్పు కదా టీచర్" అంది. అడక్కుండానే నా బల్లమీది పెన్ను తీసుకుని, తన పట్టికలో రెండు గళ్లూ కొట్టేసి చూసింది రాసింది.

ప్రశంసాపత్రం అక్కడే ఉంది. చెంగమ్మ దాన్ని రెండు చేతులతో తీసి నా ముందు పెట్టింది.

"ఇప్పుడు ఈ పాపకు ఇది కుదరదు సార్" అంది. "చూడకుండా సంతకం పెట్టింది మీరు కదా, మీరే ఉంచుకోండి."